8 టెరాబైట్ల మ్యాట్రిక్స్ 64 మెగాబైట్లలో: సీఎస్ఆర్‌లో దాచడం, వెక్టర్‌తో గుణించడం

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం. బోర్డు మీద ఒక చదరం గీశాను, చూడండి. ఇది ఒక లోహపు రేకు అనుకోండి. నాలుగు అంచుల దగ్గరా ఉష్ణోగ్రత ఎంతో మనకి తెలుసు. లోపల ఎక్కడెక్కడ ఎంత ఉంటుంది? ఇదీ లెక్క. అంచులు వదిలేసి, రేకు లోపల అడ్డంగా 1000, నిలువుగా 1000 బిందువులు పెడదాం. మొత్తం 10 లక్షల బిందువులు, కాబట్టి 10 లక్షల తెలియని విలువలు. ఒక్కో బిందువుకి ఒక్కో సమీకరణం. ఆ సమీకరణం ఏమంటుంది? నా విలువకి నాలుగు రెట్లు తీసుకో, అందులోంచి ఎడమ, కుడి, పై, కింది పొరుగువాళ్ల విలువలు తీసెయ్, ఇంత రావాలి అంటుంది. అంతే. ఏ బిందువుకైనా తనతో, తన నలుగురు పొరుగువాళ్లతోనే పని. రేకుకి ఆ చివర ఎవరున్నారో దానికి అక్కర్లేదు.

ఇప్పుడు ఈ సమీకరణాలన్నీ మ్యాట్రిక్స్‌గా రాద్దాం. 10 లక్షల వరుసలు, 10 లక్షల కాలమ్‌లు. మొత్తం ఎన్ని గళ్లు? పది లక్షల ఇంటూ పది లక్షలు, అంటే లక్ష కోట్లు. ఒక్కో గడిలో ఒక డబుల్, 8 బైట్లు. లక్ష కోట్ల ఇంటూ 8 అంటే 8 టెరాబైట్లు. మీ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత? 8 జీబీ, 16 జీబీ. పట్టదు. సరే, అందులో సున్నా కానివి ఎన్ని? వరుసకి ఐదు. అంచు పక్కన ఉన్నవాళ్లకి ఒక పొరుగు తగ్గుతుంది, అంచు విలువ ముందే తెలుసు కాబట్టి. మూలల్లో రెండు తగ్గుతాయి. అవి తీసేస్తే 49 లక్షల 96 వేలు. అంటే లక్ష కోట్ల గళ్లలో 50 లక్షలు కూడా నిండలేదు. మిగతాదంతా సున్నాలే. ఇలాంటి దాన్నే స్పార్స్ మ్యాట్రిక్స్ అంటున్నాం.

సున్నాలు దాచక్కర్లేదని అందరికీ తెలుసు. కానీ దాచకపోతే ఏ విలువ ఎక్కడిదో ఎలా గుర్తుపెట్టుకుంటాం? మొదట తట్టేది ఏమిటి? ఒక్కో విలువ పక్కన దాని వరుస నంబరు, కాలమ్ నంబరు రాసేసుకుంటాం. మూడేసి అంకెల జాబితా. దీన్ని కోఆర్డినేట్ పద్ధతి అంటారు, సీఓఓ అని రాస్తారు. తప్పేం లేదు, మ్యాట్రిక్స్‌ని కట్టేటప్పుడు ఇదే సుఖం. విలువకి 8 బైట్లు, వరుసకి 4, కాలమ్‌కి 4, మొత్తం 16 బైట్లు. మన రేకుకి 80 మెగాబైట్లు.

అయితే ఈ జాబితాని వరుసల వారీగా సర్ది చూడండి. వరుస నంబర్ల కాలమ్ ఎలా ఉంటుంది? 0, 0, 0, 1, 1, 1, 1, 2, 2, 2, 2... అదే అంకె మళ్లీ మళ్లీ. అదే మాట ఐదేసి సార్లు ఎందుకు రాయాలి? వరుస ఎక్కడ మొదలవుతుందో ఒక్కసారి రాసుకుంటే చాలదా? చాలు. సీఎస్ఆర్ అంటే ఇంతే. కంప్రెస్డ్ స్పార్స్ రో. ఇందులో కొత్తగా పుట్టిందేమీ లేదు, 1970లలో యేల్ విశ్వవిద్యాలయంలో తయారైన స్పార్స్ మ్యాట్రిక్స్ ప్యాకేజీ కూడా ఇలాగే మూడు అర్రేలు వాడింది. పాత ఫోర్‌ట్రాన్ కోడ్‌లో `IA`, `JA`, `A` అని కనిపిస్తే అవి ఇవే.

చిన్న ఉదాహరణ చేతితో చేద్దాం. మీరు కూడా నోటుబుక్కులో రాసుకోండి. 5 వరుసలు, 5 కాలమ్‌లు. నేను 0 నుంచి లెక్కపెడతాను.

```
10  0  0  2  0
 0  3  0  0  0
 0  0  0  0  0
 7  0  8  0  1
 0  4  0  0  9
```

మధ్యలో ఒక వరుస పూర్తిగా ఖాళీగా పెట్టాను, కావాలనే పెట్టాను. ఎందుకో చెప్తాను. ముందు సున్నా కానివి వరుసగా చదువుకుంటూ పోండి: 10, 2, 3, 7, 8, 1, 4, 9. ఎనిమిది విలువలు. ఇది మొదటి అర్రే. దాని కింద ఒక్కో విలువ ఏ కాలమ్‌లో ఉందో రాయండి. ఇది రెండో అర్రే. ఇక మూడోది, అసలైనది. ఏ వరుస ఎక్కడ మొదలవుతుంది? 0వ వరుస 0వ స్థానంలో మొదలవుతుంది. అందులో రెండు విలువలున్నాయి కాబట్టి 1వ వరుస 2లో మొదలవుతుంది. అందులో ఒకటే ఉంది, కాబట్టి 2వ వరుస 3లో. అది ఖాళీ. మరి 3వ వరుస ఎక్కడ మొదలవ్వాలి? అది కూడా 3లోనే. అందులో మూడున్నాయి, కాబట్టి 4వ వరుస 6లో. చివరికి 8 అని ఇంకొకటి రాస్తాం.

```
row_ptr = 0 2 3 3 6 8
col_idx = 0 3 1 0 2 4 1 4
val     = 10 2 3 7 8 1 4 9
```

వరుసలు ఐదే, `row_ptr`లో అంకెలు మాత్రం ఆరు. ఆ చివరి 8 ఎందుకు అని కొందరు అడుగుతారు. పుస్తకం ముందు విషయసూచిక ఉంటుంది కదా, అందులో అధ్యాయం మొదలయ్యే పేజీయే వేస్తారు, ముగిసే పేజీ వెయ్యరు. తరవాతి అధ్యాయం మొదలయ్యే చోటు చూస్తే ఇది ఎక్కడ ముగిసిందో మనకే తెలుస్తుంది. మరి ఆఖరి అధ్యాయం సంగతేమిటి? దానికి తరవాతిది లేదు. అందుకే ఒకటి అదనంగా పెడతాం. అప్పుడు ఆఖరి వరుసకి వేరే నియమం అక్కర్లేదు, అన్ని వరుసలకీ ఒకటే నియమం: `row_ptr[i]` నుంచి `row_ptr[i+1]` దాకా, ఆ రెండోదాన్ని వదిలేసి. ఖాళీ వరుసలో ఆ రెండూ సమానం, 3, 3. లూప్ ఒక్కసారి కూడా తిరగదు. ఖాళీ వరుస కోసం ఒక్క `if` కూడా రాయక్కర్లేదు. అందుకే దాన్ని ఉదాహరణలో పెట్టాను.

మన రేకుకి ఎంతయింది? ఒక్కో విలువకి 8 బైట్లు, దాని కాలమ్ నంబరుకి 4, మొత్తం 12. 49 లక్షల 96 వేల ఇంటూ 12, దాదాపు 60 మెగాబైట్లు. `row_ptr`కి 10 లక్షల ఇంటూ 4, ఇంకో 4 మెగాబైట్లు. మొత్తం 64 మెగాబైట్లు. 8 టెరాబైట్లు ఎక్కడ, 64 మెగాబైట్లు ఎక్కడ!

ఇక గుణకారం. కోడ్ ఇదిగో, ఇంతకంటే లేదు.

```c
for (int i = 0; i < n; i++) {
    double s = 0.0;
    for (int k = row_ptr[i]; k < row_ptr[i+1]; k++)
        s += val[k] * x[col_idx[k]];
    y[i] = s;
}
```

మన చిన్న మ్యాట్రిక్స్‌ని 1, 2, 3, 4, 5 అనే వెక్టర్‌తో గుణిద్దాం. 0వ వరుస: పది ఒకట్లు 10, రెండు నాలుగులు 8, మొత్తం 18. 1వ వరుస: మూడు రెళ్లు 6. 2వ వరుస: లూప్ తిరగలేదు, 0. 3వ వరుస: 7, ఎనిమిది మూళ్లు 24, ఒకటి ఐదు 5, మొత్తం 36. ఆఖరిది: 8, 45, మొత్తం 53. సరిపోయింది.

ఇందులో ఒక చిన్న విషయం గమనించండి. కూడిక అంతా `s`లో చేశాం, వరుస అయిపోయాక ఒక్కసారే `y[i]`లో రాశాం. నేరుగా లోపలి లూప్‌లో `y[i] +=` అని రాస్తే ఏమవుతుంది? జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ `y`, `x`, `val` మెమరీలో ఒకే చోట లేవని కంపైలర్‌కి ఎవరు చెప్పారు? `y[i]`లో రాస్తే `x`లో విలువ మారిపోతుందేమో అని దాని అనుమానం. అందుకని ప్రతి కూడికకీ మెమరీలో రాసి, మళ్లీ చదువుతుంది. `s` అనేది రిజిస్టర్‌లో ఉండిపోతుంది, ఆ గొడవే లేదు.

సమయం ఎక్కడ పోతోంది

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఈ గుణకారానికి ఎంతసేపు పడుతుంది? లెక్కలు ఎన్ని ఉన్నాయో చూద్దాం. ఒక్కో విలువకి ఒక గుణకారం, ఒక కూడిక. 50 లక్షల ఇంటూ 2, కోటి లెక్కలు. ఈ రోజుల్లో మామూలు ప్రాసెసర్‌లో ఒక్క కోర్, వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడితే, సెకనుకి కొన్ని వేల కోట్ల లెక్కలు చెయ్యగలదు. ఆ లెక్కన కోటి లెక్కలు మిల్లీసెకనులో మూడో వంతు లోపే అయిపోవాలి. అవుతాయా? కావు. నడిపి చూడండి, నాలుగైదు మిల్లీసెకన్లు కనిపిస్తాయి. కొన్ని మెషీన్లలో ఇంకా ఎక్కువ. ఎందుకు?

ఎందుకంటే ప్రాసెసర్ లెక్కలు చెయ్యడం లేదు, సరుకు కోసం ఎదురుచూస్తోంది. ఒక్కో విలువ కోసం 12 బైట్లు మెమరీ నుంచి రావాలి. అవి వచ్చాక చేసే పని ఎంత? రెండు లెక్కలు. ఆ 12 బైట్లని మళ్లీ వాడుకుంటామా? వాడం. ఈ గుణకారంలో మ్యాట్రిక్స్‌లోని ప్రతి విలువా ఒక్కసారే పనికొస్తుంది. మామూలు నిండు మ్యాట్రిక్స్‌లు రెండింటిని గుణించేటప్పుడు ఒక్కో విలువని వందల సార్లు తిప్పి వాడుకుంటాం, అక్కడ కాష్ మెమరీ ఆదుకుంటుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు.

అందుకని బైట్లు లెక్కపెట్టాలి. లెక్కల సంఖ్య పక్కన పెట్టండి, బైట్లు లెక్కపెట్టండి. మ్యాట్రిక్స్ 64 మెగాబైట్లు. `x` వెక్టర్ 10 లక్షల డబుల్స్, 8 మెగాబైట్లు. `y` ఇంకో 8. మొత్తం 80 మెగాబైట్లు. `y`లో రాసేముందు ప్రాసెసర్ ఆ చోటుని ఒకసారి చదివి తెచ్చుకుంటుంది కాబట్టి నిజానికి 88 దాకా పోవచ్చు. మీ మెషీన్‌లో మెమరీ సెకనుకి 20 గిగాబైట్లు ఇస్తుందనుకోండి. 80 మెగాబైట్లకి ఎంత? 4 మిల్లీసెకన్లు. చూశారా, నడిపితే వచ్చింది కూడా అంతే.

ఇది చాలా పనికొచ్చే లెక్క. ఎందుకంటే మీ కోడ్ బాగుందో లేదో చెప్పడానికి ఒక గీటురాయి దొరికింది. మీ మెషీన్ మెమరీ వేగం తెలుసుకోవాలంటే స్ట్రీమ్ అనే బెంచ్‌మార్క్ ఉంది, జాన్ మెక్‌కాల్పిన్ రాసింది, చిన్న ప్రోగ్రాం. అది నడిపి సెకనుకి ఎన్ని గిగాబైట్లో చూసుకోండి. మీ బైట్లని దానితో భాగించండి. 4 మిల్లీసెకన్లు రావాలి, మీకు 5 వచ్చింది అనుకోండి. కోడ్ బాగానే ఉంది, ఇంకా గింజుకోవద్దు, లూప్ విప్పినా, అసెంబ్లీలో రాసినా పెద్దగా ఒరిగేదేం లేదు. 4 రావాల్సిన చోట 16 వచ్చింది అనుకోండి. అప్పుడు ఎక్కడో ఏదో జరుగుతోంది. ఏం జరుగుతోంది?

ఎక్కువసార్లు దొంగ ఎవరంటే `x`. కోడ్ మళ్లీ చూడండి. `val` వరసగా చదువుతున్నాం, `col_idx` వరసగా చదువుతున్నాం. వరసగా చదివేవాటిని ప్రాసెసర్ ముందే పసిగట్టి తెచ్చిపెడుతుంది. మరి `x[col_idx[k]]`? అది ఎక్కడికి దూకుతుందో మ్యాట్రిక్స్ చెప్పాలి. మన రేకులో బిందువులకి ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నంబర్లు వేశాం. అప్పుడు i వ వరుస ఏం అడుగుతుంది? i, దానికి అటూ ఇటూ ఒకటి, ఇంకా వెయ్యి ముందు, వెయ్యి తరవాత. తరవాతి వరుస కూడా ఇవే, ఒక అడుగు జరిగి. అంటే ఏ క్షణంలోనైనా `x`లో 2001 విలువల కిటికీ ఒకటి మెల్లగా జరుగుతూ పోతోంది. 2001 ఇంటూ 8, 16 కిలోబైట్లు. ప్రాసెసర్‌కి అన్నిటికంటే దగ్గరున్న కాష్ చాలా మెషీన్లలో 32 కిలోబైట్లో, 48 కిలోబైట్లో ఉంటుంది. అందులో హాయిగా పట్టేస్తుంది. `x` మొత్తాన్ని మెమరీ నుంచి ఒక్కసారి తెస్తే చాలు. నేను 8 మెగాబైట్లు అని లెక్క వేసింది ఈ ధైర్యంతోనే.

ఇప్పుడు అదే రేకు, అవే సమీకరణాలు. కానీ బిందువులకి నంబర్లు ఇష్టం వచ్చినట్టు వేశాం అనుకోండి. మెష్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే ఫైళ్లలో నంబర్లు చాలాసార్లు ఇలాగే చెల్లాచెదురుగా ఉంటాయి. విలువల సంఖ్య మారలేదు, మ్యాట్రిక్స్ బైట్లు మారలేదు, లెక్కలు మారలేదు. జవాబు కూడా అదే, క్రమం తప్ప. కానీ ఇప్పుడు నలుగురు పొరుగువాళ్లూ `x`లో నాలుగు దిక్కులా ఉన్నారు. మెమరీ నుంచి 8 బైట్లు అడిగితే 8 బైట్లే రావు, 64 బైట్ల ముక్క మొత్తం వస్తుంది. మనకి కావాల్సింది అందులో ఎనిమిదో వంతు. మిగతాది వాడేలోపే కాష్ నుంచి బయటికి పోతుంది. నాలుగు పొరుగులు ఇంటూ 64, వరుసకి 256 బైట్లు అదనం. ఆ వరుస తాలూకు మిగతా సరుకంతా కలిపితే 80. అంటే 80 కాస్తా 336 అయింది. నాలుగు రెట్లు! 4 మిల్లీసెకన్లు 16 ఎలా అయిందో అర్థమైందా?

ఇది మరీ చెడ్డ పరిస్థితిలో లెక్క. 8 మెగాబైట్ల `x` మొత్తం పట్టేంత పెద్ద కాష్ ఉన్న సర్వర్‌లో దెబ్బ ఇంత గట్టిగా తగలదు. కానీ రేకుని 4000 ఇంటూ 4000 చెయ్యండి, `x` 128 మెగాబైట్లు అవుతుంది, అప్పుడు చాలా సర్వర్లలో కూడా పట్టదు.

దీన్ని ఎలా పట్టుకోవాలి? ఒక సులువైన పరీక్ష చెప్తాను. మీ కోడ్ కాపీ ఒకటి తీసుకుని `x[col_idx[k]]` ఉన్న చోట `x[col_idx[k] & 1023]` అని పెట్టండి. జవాబు తప్పు వస్తుంది, దాని గురించి పట్టించుకోవద్దు, సమయం చూడండి. `col_idx` చదవడం అలాగే ఉంది, `val` చదవడం అలాగే ఉంది, `x` మాత్రం 8 కిలోబైట్లలోనే తిరుగుతోంది. సమయం 16 నుంచి 4కి పడిపోయిందా? అయితే మీ కష్టమంతా `x` దూకుడు వల్లే. పడిపోలేదా? ఇంకెక్కడో వెతకాలి.

`x` వల్లే అని తేలితే మందు ఏమిటి? నంబర్లు మళ్లీ వెయ్యడం. పొరుగువాళ్లకి దగ్గరదగ్గర నంబర్లు వచ్చేలా వెయ్యాలి. కట్‌హిల్, మెక్‌కీ అని ఇద్దరు 1969లో ఒక పద్ధతి ఇచ్చారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముందు దాని పొరుగువాళ్లకి నంబర్లు, తరవాత వాళ్ల పొరుగువాళ్లకి, అలా అలలు అలలుగా పోతుంది. ఆ క్రమాన్ని తిరగేసి వాడతారు, అందుకే రివర్స్ కట్‌హిల్ మెక్‌కీ అంటారు. పైథాన్ వాడేవాళ్లకి సైపైలో సిద్ధంగా ఉంది, `scipy.sparse.csgraph.reverse_cuthill_mckee`. అది ఇచ్చిన క్రమంలో వరుసల్నీ కాలమ్‌లనీ రెండింటినీ మార్చండి, `x`ని, కుడివైపు వెక్టర్‌ని కూడా అదే క్రమంలోకి మార్చండి. ఒక్కసారి చేసే గుణకారానికి ఇంత శ్రమ దండగ. కానీ కాంజుగేట్ గ్రేడియంట్ లాంటి పద్ధతిలో ఇదే మ్యాట్రిక్స్‌తో వందలు, వేల సార్లు గుణిస్తాం. అక్కడ ఒకసారి సర్దినందుకు పెట్టిన ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చేస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. రేకు లాంటి వాటిలో పొరుగు అనే మాటకి అర్థం ఉంది, అందుకే సర్దగలం. వెబ్ పేజీల లింకుల్లాంటి మ్యాట్రిక్స్ తీసుకోండి, ఎవరు ఎవరికైనా లింక్ అయి ఉంటారు. అక్కడ ఏ క్రమం వేసినా `x` కొంత దూకుతూనే ఉంటుంది.

కట్టేటప్పుడు వచ్చే తిప్పలు

మళ్లీ కొంచెం వెనక్కి వెళ్తాను. సీఓఓ జాబితా నుంచి సీఎస్ఆర్ ఎలా కడతాం? జాబితాని సార్ట్ చెయ్యాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. రెండుసార్లు చదివితే చాలు. మొదటిసారి ఏ వరుసలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం, ఆ లెక్కల్ని కూడుకుంటూ పోతే `row_ptr` తయారు. రెండోసారి ఒక్కో విలువని దాని చోట్లో పెడతాం. జాబితాలోని వరుస, కాలమ్, విలువ `I`, `J`, `V` అనే అర్రేల్లో ఉన్నాయి, `nnz` అంటే సున్నా కాని విలువల సంఖ్య.

```c
for (k = 0; k < nnz; k++) row_ptr[I[k] + 1]++;
for (i = 0; i < n; i++)   row_ptr[i+1] += row_ptr[i];
for (i = 0; i < n; i++)   next[i] = row_ptr[i];
for (k = 0; k < nnz; k++) {
    int p = next[I[k]]++;
    col_idx[p] = J[k];
    val[p] = V[k];
}
```

`row_ptr`ని ముందు సున్నాలతో నింపడం మరిచిపోకండి. `next` అనే కాపీ ఎందుకు? విలువలు పెట్టుకుంటూ పోయేటప్పుడు ఆ సూచిక ముందుకి జరుగుతుంది. `row_ptr`నే జరిపేస్తే పని అయ్యేసరికి ప్రతి అంకే తన తరవాతి వరుస మొదలు దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు 0వ వరుస చదవబోతే 1వ వరుస విలువలు వస్తాయి. ప్రోగ్రాం ఆగదు, జవాబు మాత్రం తప్పు. మెమరీ మిగుల్చుకోవాలనుకునేవాళ్లు కాపీ లేకుండానే చేసి, చివర్లో అంకెలన్నిటినీ ఒక స్థానం వెనక్కి జరుపుతారు, అదీ సరైన పద్ధతే.

ఇలా కట్టినప్పుడు వరుస లోపల కాలమ్ నంబర్లు ఎక్కువ తక్కువల క్రమంలో ఉండకపోవచ్చు. గుణకారానికి దాంతో ఇబ్బంది లేదు, కూడిక ఏ క్రమంలో చేస్తే ఏం. అలాగే ఒకే గడి రెండుసార్లు వచ్చినా గుణకారం సరిగ్గానే వస్తుంది, రెండూ కలుస్తాయి కాబట్టి. కానీ ఒక ఫలానా గడి ఎంత అని వెతికే కోడ్‌కి, వరుసలో బైనరీ సెర్చ్ చేసే కోడ్‌కి ఈ రెండూ ప్రమాదమే. అందుకని కట్టగానే సర్ది, రెండుసార్లు వచ్చినవాటిని కలిపేసుకోవడం మంచిది.

ఇంకొక చిక్కు, అన్నిటికంటే ఎక్కువ మందిని పట్టేది. మ్యాట్రిక్స్ మార్కెట్ అనే ఫైల్ రూపంలో, `.mtx` ఫైళ్లలో, నంబర్లు 1 నుంచి మొదలవుతాయి. సీలో 0 నుంచి. కాలమ్ నంబర్లలోంచి 1 తీసెయ్యడం మరిచిపోయారనుకోండి. ఏమవుతుంది? ప్రతి విలువా ఒక అడుగు పక్కకి జరుగుతుంది. ఆఖరి కాలమ్ `x[n]` అడుగుతుంది, అది అర్రే బయట. సీలో అది చాలాసార్లు చడీచప్పుడు లేకుండా ఏదో చెత్త విలువ చదివి ముందుకి పోతుంది.

కాబట్టి పరీక్షలు రాయండి. `row_ptr[0]` సున్నానా? `row_ptr[n]` మొత్తం విలువల సంఖ్యకి సమానమా? మధ్యలో ఎక్కడైనా తగ్గిందా? ప్రతి `col_idx` 0 నుంచి కాలమ్‌ల సంఖ్య లోపే ఉందా? తరవాత మన రేకుతో ఇలా చెయ్యండి. `x` నిండా 1లు పెట్టి గుణించండి. లోపలి బిందువుల దగ్గర 4లోంచి నాలుగు ఒకట్లు పోతే 0 రావాలి. అంచు పక్కన 1, నాలుగు మూలల్లో 2. మొత్తం కూడితే 4000. వచ్చిందా? వస్తే `row_ptr` బాగున్నట్టే. కానీ దీంతో ఆగిపోకండి. `x` నిండా ఒకటే విలువ ఉన్నప్పుడు కాలమ్ తప్పయినా ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకని రెండో పరీక్ష: ఒక్క 500500వ స్థానంలో 1 పెట్టి మిగతాదంతా 0 ఉంచండి. జవాబులో 500500 దగ్గర 4 ఉండాలి, 500499, 500501, 499500, 501500 దగ్గర మైనస్ 1 ఉండాలి, ఇంకెక్కడా ఏమీ ఉండకూడదు. ఆ 4 ఒక స్థానం పక్కన కనిపించిందా, 1 తీసెయ్యడం మరిచారన్నమాట.

ఇక పెద్ద మ్యాట్రిక్స్‌ల సంగతి. 4 బైట్ల ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద అంకె 214 కోట్ల చిల్లర. సున్నా కాని విలువలు అంతకి మించితే `row_ptr` పొంగి మైనస్‌లోకి పోతుంది. అప్పుడు చాలామంది అన్నిటినీ 8 బైట్లు చేసేస్తారు. వద్దు. పొంగేవి `row_ptr`, దాని అంకెలు పట్టుకునే `k`, `p`, `next` మాత్రమే. కాలమ్‌ల సంఖ్య 214 కోట్లు దాటనంత వరకు `col_idx`కి 4 బైట్లు చాలు. `row_ptr`ని 8 చేస్తే వరుసకి 4 బైట్లే పెరుగుతాయి. `col_idx`ని 8 చేస్తే ఒక్కో విలువకి 12 కాస్తా 16 అవుతుంది, మూడో వంతు ఎక్కువ బైట్లు, అంటే సమయం కూడా మూడో వంతు దాకా పెరగొచ్చు. బైట్లే సమయం అని అనుకున్నాం కదా.

అదే లెక్క అటువైపు కూడా పనిచేస్తుంది. మీ సమస్యకి ఫ్లోట్ ఖచ్చితత్వం సరిపోతే విలువకి 4 బైట్లు, మొత్తం 12 కాస్తా 8 అవుతుంది. ఇంకా మంచిది, ఒకే మ్యాట్రిక్స్‌ని నాలుగు వెక్టర్లతో గుణించాల్సి ఉంటే నాలుగుసార్లు విడివిడిగా చెయ్యకండి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో `val[k]` తెచ్చినప్పుడు నాలుగు గుణకారాలూ అక్కడే చేసేయండి. మ్యాట్రిక్స్ 64 మెగాబైట్లు ఒక్కసారే వస్తుంది. విడివిడిగా అయితే 320 మెగాబైట్లు అయ్యేది, కలిపితే 64కి తోడు వెక్టర్లవి 64, మొత్తం 128. సగానికంటే తక్కువ. ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకొకటి దొరకడం కష్టం, అవకాశం ఉందేమో ముందు అదే చూడండి.

అక్కడ చెయ్యెత్తారు, అడగండి. ఆ, థ్రెడ్‌ల గురించి. మంచి ప్రశ్న. ఒక్కో వరుస జవాబు వేరే `y[i]`లోకి పోతుంది కాబట్టి వరుసల్ని పంచేస్తే ఎవరూ ఎవరి మీదా రాయరు. బయటి లూప్ మీద `#pragma omp parallel for` అని ఒక్క లైను పెడితే చాలు. కానీ 16 కోర్‌లు పెడితే 16 రెట్లు వేగం రాదు. మెమరీ అందరికీ కలిపి ఒకటే కాబట్టి, కొన్ని కోర్‌లకే దాని శక్తి అయిపోతుంది. ఆ తరవాత కోర్‌లు పెంచినా గ్రాఫ్ బల్లపరుపుగా ఉంటుంది. రెండు ప్రాసెసర్ చిప్‌లున్న సర్వర్ అయితే ఇంకొకటి చూసుకోవాలి. లినక్స్‌లో ఒక మెమరీ పేజీని ఎవరు మొదట రాస్తే వాళ్ల చిప్ పక్కనే ఆ పేజీ పుడుతుంది. ఫైలు చదివే పని ఒక్క థ్రెడ్‌తో చేస్తే మ్యాట్రిక్స్ అంతా ఒక చిప్ పక్కనే చేరుతుంది, రెండో చిప్ ప్రతిదానికీ అటు పరిగెత్తాలి. అర్రేలని మొదటిసారి నింపేటప్పుడే, గుణకారంలో పంచినట్టే వరుసల్ని థ్రెడ్‌లకి పంచి నింపండి.

పంచడం గురించి కూడా. మన రేకులో ప్రతి వరుసలో ఐదే, సమానంగా పంచితే సరిపోతుంది. ఒక వరుసలో మూడు, ఇంకో వరుసలో మూడు లక్షలు ఉన్న మ్యాట్రిక్స్ అయితే? వరుసల్ని సమానంగా పంచితే ఆ పెద్ద వరుసలు పడ్డ థ్రెడ్ పని చేస్తూనే ఉంటుంది, మిగతావాళ్లు ఖాళీగా కూర్చుంటారు. వరుసల్ని కాదు, విలువల్ని సమానంగా పంచాలి. దానికి కొత్తగా ఏదీ లెక్కపెట్టక్కర్లేదు, `row_ptr` అంటేనే అప్పటిదాకా జరిగిన పని మొత్తం. 8 థ్రెడ్‌లుంటే మొత్తం విలువల్లో ఎనిమిదో వంతు, రెండు ఎనిమిదో వంతులు, అలా ఒక్కో అంకెని `row_ptr`లో బైనరీ సెర్చ్ చేస్తే ఎవరి వాటా ఎక్కడ మొదలో దొరుకుతుంది. ఒక్క వరుసే ఒక వాటా కంటే పెద్దదైతే ఇదీ చాలదు, అప్పుడు ఆ వరుసని మధ్యలో కోసి, ముక్కల జవాబుల్ని తరవాత కలపాలి. మెరిల్, గార్లాండ్ 2016లో ఇచ్చిన మెర్జ్ పద్ధతి ఆ పని చేస్తుంది.

ఇంకొకరు? ట్రాన్స్‌పోజ్‌తో గుణించాలంటే మళ్లీ కట్టాలా అని అడుగుతున్నారు. కట్టక్కర్లేదు. అదే మూడు అర్రేలు, లోపలి లైను ఒక్కటి మారుతుంది: `y[col_idx[k]] += val[k] * x[i]`. ముందు `y`ని సున్నా చేసుకోండి. కాకపోతే ఇప్పుడు దూకేది `x` కాదు, `y`. ఒక్క థ్రెడ్‌కి ఇది ఫర్వాలేదు. పది థ్రెడ్‌లు పెడితే ఇద్దరు ఒకే `y` గడిలో ఒకేసారి రాసి ఒకరి కూడికని ఒకరు చెరిపేస్తారు, జవాబు నడిపిన ప్రతిసారీ వేరేగా వస్తుంది. ట్రాన్స్‌పోజ్ గుణకారం వేలసార్లు చెయ్యాల్సి ఉంటే, ఇంకో 64 మెగాబైట్లు పెట్టి ట్రాన్స్‌పోజ్‌కి కూడా సీఎస్ఆర్ ఒకటి కట్టేసుకోవడమే నా సలహా. మన రేకు మ్యాట్రిక్స్‌కి అదీ అక్కర్లేదు, అది సిమెట్రిక్, ట్రాన్స్‌పోజ్ తీసినా అదే మ్యాట్రిక్స్.